ఆమోదం పొందిన రిపోర్టు ఒక్కటే నిలవాలంటే: మెయిలా, షేర్డ్ డాక్యుమెంటా, లైబ్రరీనా?

రెండేళ్ల క్రితం ఒక ఇనుప నీళ్ల ట్యాంకు తనిఖీ రిపోర్టు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. రిపోర్టు వెళ్లిపోయి నాలుగు నెలలయ్యాక ఫోన్ వచ్చింది. "పద్నాలుగో పేజీలో అడుగు ప్లేటు మందం 6.2 మిల్లీమీటర్లని ఉందండీ. మా దగ్గరే ఉన్న ఇంకో కాపీలో 6.8 అని ఉంది. ఏది నమ్మాలి?" అని అడిగారు. ఫోల్డర్ తెరిస్తే మూడు ఫైళ్లు కనిపించాయి: `Report_Final.pdf`, `Report_Final_signed.pdf`, `Report_Final_corrected.pdf`. సంతకాలు 6.8 ఉన్న ఫైలు మీద ఉన్నాయి. నిజమైన కొలత మాత్రం 6.2. సంతకాలయ్యాక ఒకరు పొరపాటు గమనించి, మంచి ఉద్దేశంతోనే వర్డ్ ఫైల్లో దిద్ది, కొత్త పీడీఎఫ్ చేసి పంపేశారు. దాంతో సరైన సంఖ్యకు ఆమోదం లేదు, ఆమోదం ఉన్న సంఖ్య సరైనది కాదు. ఏది అధికారిక రిపోర్టో చెప్పలేక ఆ రోజంతా పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది ఒకటే. ఆమోదం అనేది "రిపోర్టు"కు ఇచ్చేది కాదు, ఒక ఫలానా ఫైలుకు ఇచ్చేది. ఆ ఫైలులో ఒక్క అంకె మారినా అది ఇంకో ఫైలు, దానికి ఇంకా ఎవరి ఆమోదమూ లేదు. డ్రాఫ్టులు తిప్పడానికి ఏ పద్ధతి ఎంచుకున్నా, ఈ మాటను అది ఎంతవరకు నిలబెడుతుందన్నదే నేను మొదట చూస్తాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది, ఈ నిమిషంలో నడుస్తున్న డ్రాఫ్టు ఏదని ఎవరిని అడిగినా ఒకే ఫైలు చూపిస్తారా? రెండోది, ప్రతి కామెంటు చివరికి ఏమైందో చెప్పగలమా? ఒప్పుకున్నారా, ఒప్పుకోకపోతే ఎందుకు, ఆ నిర్ణయం ఎవరిది? మూడోది, సంతకం చేసినవాళ్లు చూసిన ఫైలూ ఇప్పుడు రికార్డులో ఉన్న ఫైలూ అక్షరం తేడా లేకుండా ఒకటేనని రుజువు చేయగలమా? నాలుగోది, ఐదేళ్ల తర్వాత ఈ పనితో సంబంధం లేని మనిషి వచ్చి, మనం వాడిన సాఫ్ట్‌వేర్ లేకుండా కూడా ఇదంతా చదివి అర్థం చేసుకోగలడా?

చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి టూల్ ఎంచుకుంటారు. మా ట్యాంకు రిపోర్టు దెబ్బతిన్నది మూడో ప్రశ్న దగ్గర.

## మెయిల్‌లో ఫైలు తిప్పడం

అందరికీ అలవాటైన పద్ధతి ఇది. వర్డ్ ఫైలు మెయిల్‌లో వెళ్తుంది, రివ్యూ చేసేవాళ్లు ట్రాక్ ఛేంజెస్ పెట్టి దిద్ది తిప్పి పంపుతారు. కొత్త అకౌంట్లు అక్కర్లేదు, బయటి సంస్థవాళ్లకు అనుమతుల గొడవ ఉండదు. ఏ తేదీన ఎవరికి ఏం వెళ్లిందో మెయిల్‌లోనే ఉంటుంది కాబట్టి నాలుగో ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

కష్టమంతా ఫైళ్లు తిరిగొచ్చాక మొదలవుతుంది. ఐదుగురికి పంపితే ఐదు ఫైళ్లొస్తాయి. ఒకే వాక్యాన్ని ముగ్గురు మూడు రకాలుగా మార్చి ఉంటారు. వర్డ్‌లో కంబైన్ ఉంది గానీ అది ఒకసారికి రెండు ఫైళ్లనే కలుపుతుంది. ఐదింటిని కలపాలంటే నాలుగుసార్లు చేయాలి, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట చేత్తో సరిచూడాలి.

అంతకంటే ప్రమాదకరమైంది, కంటికి కనిపించని మార్పు. రివ్యూ చేసే ఆయన ట్రాక్ ఛేంజెస్ ఆపేసి ఒక అంకె దిద్దితే ఆ మార్పు ఎక్కడా ఎర్రగా కనిపించదు. అందుకే తిరిగొచ్చిన ప్రతి ఫైలునూ, మనం పంపిన దానితో రివ్యూ ట్యాబ్‌లోని కంపేర్ పెట్టి చూడాలి. అంత ఓపిక లేకపోతే పంపేముందే లాక్ ట్రాకింగ్ పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి, లేదా వర్డ్ బదులు పీడీఎఫ్ పంపి దాని మీదే కామెంట్లు రాయమనండి. నాకు పీడీఎఫ్ పద్ధతే నచ్చుతుంది. అసలు రాతను మార్చే వీలు తగ్గుతుంది కాబట్టి రివ్యూయర్లు "ఇక్కడ ఇది తప్పు, కారణం ఇది" అని చెప్పడానికే అలవాటు పడతారు.

దీనికి అటువైపు ఉచ్చు కూడా ఉంది. వర్డ్‌లో నో మార్కప్ పెట్టుకుంటే మార్పుల గుర్తులు దాగిపోతాయి, తొలగిపోవు. శుభ్రంగా కనిపిస్తోంది కదా అని ఆ ఫైలునే బయటికి పంపితే, తీసుకున్నవాళ్లు ఒక్క క్లిక్‌తో మీ లోపలి వాదనలన్నీ చదవగలరు. మార్పులన్నీ యాక్సెప్టో రిజెక్టో చేసి, కామెంట్లు తీసేశాకే ఫైలు గడప దాటాలి.

## అందరూ ఒకే షేర్డ్ డాక్యుమెంటులో

గూగుల్ డాక్స్ గానీ, ఆన్‌లైన్‌లో పెట్టిన వర్డ్ గానీ మొదటి ప్రశ్నను దాదాపు పూర్తిగా తీర్చేస్తాయి. ఫైలు ఒకటే, లింకు ఒకటే. ఒకరి కామెంటు ఇంకొకరికి కనబడుతుంది కాబట్టి అదే మాట ఐదుగురు ఐదుసార్లు రాయరు. రాసే దశలో దీన్ని మించింది నేను చూడలేదు.

రివ్యూ దశకొచ్చేసరికి ఆ సుగుణమే ఇబ్బంది పెడుతుంది. సోమవారం ఒకావిడ మూడో విభాగం చదివి బాగుందన్నారనుకోండి. మంగళవారం రచయిత అందులో ఒక పేరా మార్చారు. బుధవారం ఆవిడ "నేను రివ్యూ చేశాను" అని చెబితే, ఆ మాట ఏ రాతకు వర్తిస్తుంది? చదివేవాళ్ల చేతిలో ఉండగానే రాత మారిపోతే వాళ్ల రివ్యూకు విలువ ఉండదు.

మందు తేలికే. రివ్యూ మొదలైన రోజు వెర్షన్ హిస్టరీలో ఆ స్థితికి "0.2 రివ్యూకు" అని పేరు పెట్టండి. రివ్యూయర్లకు కామెంట్ రాసే హక్కు మాత్రమే ఇవ్వండి. గడువు ఏడు రోజులైతే ఆ ఏడు రోజులూ రచయితలు కూడా డాక్యుమెంటును ముట్టుకోకూడదు. రచయితలకు ఈ చివరి నియమం పాటించడమే కష్టం. చిన్న అక్షర దోషమే కదా అని చెయ్యి వేస్తారు.

వెర్షన్ హిస్టరీనే రికార్డు అనుకోవడం ఇంకో పొరపాటు. గూగుల్ డాక్స్ స్థలం మిగుల్చుకోవడానికి పాత మార్పులను అప్పుడప్పుడు కలిపేస్తుంది. డాక్యుమెంటుకు కాపీ తీస్తే ఆ కాపీకి పాత చరిత్ర రాదు. ఫైలు ఓనరుగా ఉన్న మనిషి వెళ్లిపోయి అకౌంట్ మూసేస్తే, ముందుగా ఇంకొకరికి బదిలీ చేయకపోతే, మొత్తం పోయినా పోవచ్చు. రిజాల్వ్ నొక్కిన కామెంటు పక్కకు తప్పుకుంటుంది గానీ, దాన్ని ఒప్పుకున్నారా కాదన్నారా అన్నది ఎవరో రాస్తేనే తెలుస్తుంది.

## ఆమోదం దశలున్న డాక్యుమెంట్ లైబ్రరీ

షేర్‌పాయింట్ లాంటి వాటిలో లైబ్రరీని సెట్ చేసుకుంటే డ్రాఫ్టులకు 0.1, 0.2 అని చిన్న నంబర్లు, ప్రచురించిన దానికి 1.0 అని పెద్ద నంబరు దానంతట అదే పడుతుంది. ఒకరు చెక్ అవుట్ చేసుకుంటే వాళ్లు తిరిగి పెట్టేవరకు ఇంకొకరు మార్చలేరు. ఆమోదం తప్పనిసరి చేస్తే, అది వచ్చేవరకు మామూలు పాఠకులకు డ్రాఫ్టు కనబడకుండా పెట్టుకోవచ్చు.

ఆడిట్లు జరిగే చోట, నెలకు పదుల రిపోర్టులు బయటికెళ్లే చోట ఇదే సరైనది. అయితే సెట్టింగ్స్ పెట్టిన మనిషికి విషయం తెలిసుండాలి. ఎన్ని పాత వెర్షన్లు ఉంచాలో పరిమితి పెట్టి ఉంటే, అది దాటగానే పాతవి తుడిచిపెట్టుకుపోతాయి. ఫైలుతో పాటుండే వివరాల్లో ఒక గడి మార్చినా కొత్త వెర్షన్ పుడుతుంది, దాంతో ఆమోదం స్థితి మళ్లీ పెండింగ్‌కో డ్రాఫ్టుకో పోవచ్చు. ఎవరో చెక్ అవుట్ చేసి సెలవు పెట్టి వెళ్తే అడ్మిన్ వచ్చి విడిపించేదాకా పని ఆగుతుంది. ఏడాదికి మూడు రిపోర్టులు రాసే నలుగురికి ఇంత సరంజామా బరువే.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఫైళ్లలో మార్పులను నమోదు చేసుకోవడానికి వాడే గిట్ గురించి రెండు మాటలు. రాసేవాళ్లూ రివ్యూ చేసేవాళ్లూ అందరూ సాదా టెక్స్ట్‌లో పనిచేసేవాళ్లయితే ప్రతి మార్పుకూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది గిట్‌లో దొరికినంత శుభ్రంగా ఎక్కడా దొరకదు. ఆమోదం పొందిన స్థితికి ట్యాగ్ వేస్తే సరిపోతుంది. రివ్యూయర్లలో ఒక్కరు వర్డ్ తప్ప ఇంకోటి తెరవనివారున్నా దీని జోలికి పోకండి. వర్డ్ ఫైలును గిట్‌లో పెడితే ఏ వాక్యం మారిందో అది మామూలుగా చూపించలేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ప్రశ్న | మెయిల్ | షేర్డ్ డాక్యుమెంట్ | లైబ్రరీ | గిట్ |
|---|---|---|---|---|
| నడుస్తున్న డ్రాఫ్టు ఒకటేనా | ఒక మనిషి కాపలా కాస్తేనే | అవును | అవును | అవును |
| కామెంటు ఏమైందో తెలుస్తుందా | విడిగా పట్టిక ఉంటేనే | చర్చ ఉంటుంది, తీర్పు ఉండదు | విడిగా పట్టిక ఉంటేనే | చర్చ ఎక్కడ జరిపారన్న దాన్ని బట్టి |
| సంతకం చేసిందీ ఉన్నదీ ఒకటేనా | పీడీఎఫ్ విడిగా భద్రపరిస్తే | పీడీఎఫ్ విడిగా భద్రపరిస్తే | సెట్టింగ్స్ సరిగ్గా ఉంటే | అవును, ట్యాగ్ కదపకపోతే |
| ఐదేళ్ల తర్వాత చదవగలమా | మెయిళ్లు మిగిలుంటే | అకౌంట్ మిగిలుంటే | సిస్టమ్ మిగిలుంటే | టెక్స్ట్ కాబట్టి సులువే |
| బయటి రివ్యూయర్లకు | తేలిక | అనుమతులివ్వాలి | కష్టం | చాలా కష్టం |

రెండో వరస చూడండి. కామెంటు విషయంలో ఏ టూలూ దానంతట అది గట్టెక్కించదు. కాబట్టి దేన్ని ఎంచుకున్నా విడిగా ఒక కామెంట్ల పట్టిక పెట్టుకోక తప్పదు.

## కామెంట్ల పట్టిక, ఒక ఉదాహరణతో

నలభై పేజీల ట్యాంకు తనిఖీ రిపోర్టు అనుకుందాం. రచయితలు ఇద్దరు, రివ్యూయర్లు ఐదుగురు, ఆమోదించేవాళ్లు ఇద్దరు. డ్రాఫ్టు 0.2 మీద 63 కామెంట్లు వచ్చాయి. ఒకే మాట చెప్పినవాటిని కలిపితే 51 మిగిలాయి. 38 ఒప్పుకున్నారు, 6 కొంతవరకు ఒప్పుకున్నారు, 7 ఒప్పుకోలేదు. పట్టికలో మూడు వరసలు ఇలా ఉంటాయి:

| నం. | ఏ వెర్షన్, ఎక్కడ | ఎవరు | కామెంటు | జవాబు | తీర్పు | ఎక్కడ మారింది |
|---|---|---|---|---|---|---|
| 17 | 0.2, విభాగం 4.3 | రివ్యూయర్ 2 | 6.8 అన్నది తుప్పు గీకకముందు తీసిన కొలత కదా? | కొలతల పుస్తకం చూశాం, గీకాక 6.2 | ఒప్పుకున్నాం | 0.3 |
| 29 | 0.2, విభాగం 6.1 | రివ్యూయర్ 4 | మరమ్మతు 6 నెలల్లో జరగాలి | రివ్యూయర్ 5 ఏడాది చాలంటున్నారు. ఆమోదించేవారికి పంపాం | 6 నెలలు, నిర్ణయం ఆమోదించేవారిది | 0.3 |
| 44 | 0.2, అనుబంధం బి | రివ్యూయర్ 1 | పునాది లెక్కలు కూడా చేర్చండి | ఈ తనిఖీ పరిధిలో లేదు, విభాగం 1.2లో ఆ సంగతి రాశాం | ఒప్పుకోలేదు | మార్పు లేదు |

ఇందులో పేజీ నంబరు బదులు విభాగం నంబరు రాయడానికి కారణముంది. రెండు పేరాలు చేరగానే పేజీలు జారిపోతాయి, విభాగాలు జారవు. ఏ వెర్షన్ మీద రాసిన కామెంటో మొదటే ఉండాలి. లేదంటే పాత డ్రాఫ్టు చదివినవాళ్ల కామెంటు, ఇప్పటికే మారిపోయిన వాక్యానికి తగిలి అయోమయం చేస్తుంది.

29వ వరస మీద కాస్త ఆగాలి. ఇద్దరు రివ్యూయర్లు ఒకరికొకరు ఎదురు చెప్పినప్పుడు రచయిత తనకు నచ్చినది పెట్టేసి ముందుకు పోవడం తరచూ జరుగుతుంది. రెండో రివ్యూయర్‌కు తన మాట ఏమైందో తెలియదు, చివర్లో సంతకం దగ్గర అడ్డుపడతారు. ఇలాంటివి రచయిత తేల్చాల్సినవి కావు. పైకి పంపి, ఎవరు తేల్చారో పట్టికలో రాయించాలి. 44వ వరసలాగా కాదన్న ప్రతిదానికీ కారణం రాయాలి. ఒట్టి "గమనించాం" అన్న జవాబు దేనికీ పనికిరాదు.

0.3ను మళ్లీ పంపేటప్పుడు మొత్తం రిపోర్టు కొత్తగా రివ్యూ చేయమని అడగకండి. పట్టిక, 0.2కూ 0.3కూ మధ్య తేడాలు చూపే కాపీ, ఈ రెండూ పంపి "మీ కామెంట్లకు ఇచ్చిన జవాబు సరిపోయిందా" అని మాత్రమే అడగండి. ఈ గీత గీయకపోతే ప్రతి విడతలో కొత్త కామెంట్లు పుడుతూనే ఉంటాయి.

## సంతకం ఎలా తీసుకోవాలి

అన్ని వరసలూ ముగిశాక వర్డ్ ఫైలు నుంచి పీడీఎఫ్‌ను ఒక్కసారే తీయాలి. ఎందుకంటే అదే వర్డ్ ఫైలు నుంచి రెండోసారి తీసిన పీడీఎఫ్ లోపల తయారైన సమయం వగైరా మారతాయి, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఆ రెండూ ఒకే ఫైలు కావు. తీసేముందు కవర్ పేజీలో తేదీ ఎలా వచ్చిందో చూసుకోండి. వర్డ్‌లో తేదీని తనంతట తాను మారేలా పెట్టి ఉంటే, ఫైలు తెరిచిన రోజో ప్రింట్ చేసిన రోజో అక్కడ కనబడుతుంది. ఎక్సెల్‌కు లింకు చేసిన పట్టికలదీ అదే తీరు. తేదీని చేత్తో టైప్ చేయండి, లింకులు తెంపేయండి.

ఇక ఆమోదం మూడు రకాలుగా తీసుకోవచ్చు. మొదటిది, సంతకం బొమ్మ అతికించడం. తర్వాత ఎవరు ఏ పేజీ మార్చినా ఆ బొమ్మ అలాగే ఉంటుంది. నేనైతే ఈ సలహా ఎవరికీ ఇవ్వను. రెండోది, డిజిటల్ సర్టిఫికెట్‌తో సంతకం. ఫైలులో తర్వాత మార్పు జరిగితే పీడీఎఫ్ రీడరే ఆ సంగతి చూపిస్తుంది. ఇద్దరు సంతకం చేయాలంటే ఒకరి తర్వాత ఒకరు అదే ఫైలు మీద చేయాలి. మధ్యలో ఎవరైనా దాన్ని ప్రింట్ టు పీడీఎఫ్ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది, సంతకం బొమ్మగా మాత్రమే మిగులుతుంది.

మూడోది ఖర్చు లేనిది. పీడీఎఫ్‌కు హ్యాష్ తీసి, ఆమోదం మెయిల్‌లో ఆ హ్యాష్ రాయించడం. విండోస్‌లో మొదటి కమాండ్, లినక్స్‌లో రెండోది:

```
certutil -hashfile Report_v1.0.pdf SHA256
sha256sum Report_v1.0.pdf
```

64 అక్షరాల వరస వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా అది పూర్తిగా మారిపోతుంది. దీన్ని రిపోర్టు లోపల రాయడం కుదరదు, రాస్తే ఫైలు మారి హ్యాష్ కూడా మారుతుంది. అందుకే ఆమోదం మెయిల్‌లోనూ, విడిగా పెట్టుకున్న రిజిస్టర్‌లోనూ రాయాలి. ఆమోదించేవారు "ఓకే" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఫైలు పేరు, వెర్షన్, హ్యాష్ మొదటి ఎనిమిది అక్షరాలు వాళ్ల జవాబులో ఉండాలి, పూర్తి వరస రిజిస్టర్‌లో ఉంటుంది. డిజిటల్ సంతకాలు వాడితే చివరి సంతకం పడ్డాకే హ్యాష్ తీయాలి, ప్రతి సంతకమూ ఫైలును మారుస్తుంది కాబట్టి.

## ఎవరికి ఏది

నలుగురైదుగురు, అందులో సగం బయటివాళ్లు, ఏడాదికి కొన్ని రిపోర్టులే అయితే మెయిల్ చాలు. షరతు ఒక్కటే: వెర్షన్ నంబరు ఇచ్చే అధికారం ఒక మనిషికే ఉండాలి, రివ్యూకు పీడీఎఫే వెళ్లాలి.

అందరూ ఒకే సంస్థలో, ఒకే అకౌంట్ వ్యవస్థలో ఉంటే షేర్డ్ డాక్యుమెంటులో రాయండి, రివ్యూ నడిచినన్నాళ్లూ అక్కడే మార్పులు ఆపేయండి, ఆమోదానికి మాత్రం పీడీఎఫ్‌గా బయటికి తీయండి. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. రాయడానికి మంచి టూల్, ఆమోదాన్ని భద్రపరచడానికి మంచి టూల్ ఒకటే కావాలన్న పట్టుదల అక్కర్లేదు.

ఆడిటర్లు వచ్చి ఏ రిపోర్టైనా చూపించమనే చోట, సంతకాలకు చట్టపరమైన బాధ్యత ఉన్న చోట లైబ్రరీకి ఖర్చు పెట్టండి, దానితో పాటు డిజిటల్ సంతకాలకూ. అక్కడ కూడా వెర్షన్ల పరిమితి ఎంత పెట్టారో మీరే వెళ్లి చూసుకోండి.

## ఆమోదమయ్యాక తప్పు దొరికితే

పద్ధతి నిజంగా పరీక్షకు నిలిచేది ఇక్కడే. పై పట్టికలోని 17వ కామెంటు ఎవరూ రాయలేదని, 1.0కు సంతకాలయ్యాకే 6.8 తప్పని తెలిసిందని అనుకోండి. 1.0ను దిద్దకూడదు, తుడిచేయకూడదు. వర్డ్ ఫైలులో 1.1 మొదలుపెట్టి, ఆ అంకె మార్చి, దాని మీద ఆధారపడ్డ లెక్కలన్నీ తిరిగి చూడాలి. మందం తగ్గితే ప్లేటు ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందన్న లెక్కా మారుతుంది, మరమ్మతు గడువూ మారొచ్చు. అందుకే "ఒక్క అంకే కదా" అని సంతకం లేకుండా పంపడం కుదరదు. అదే ఇద్దరు ఆమోదించేవాళ్లు 1.1ను చూసి మళ్లీ సంతకం చేయాలి. మారిన చోట్ల జాబితా ముందుంటే వాళ్లకు అరగంట కంటే ఎక్కువ పట్టదు.

1.1 మొదటి పేజీలో ఇలా రాస్తే చాలు: "ఈ వెర్షన్ 1.0 స్థానంలో వస్తుంది. విభాగం 4.3లో అడుగు ప్లేటు మందం 6.8 నుంచి 6.2 మిల్లీమీటర్లకు సరిచేశాం. దాని వల్ల విభాగాలు 5.2, 6.1 మారాయి. మిగతాదంతా 1.0లో ఉన్నట్టే ఉంది." రిజిస్టర్‌లో 1.0 పక్కన "1.1 వచ్చింది, వాడకండి" అని తేదీతో రాయాలి. 1.0 ఎవరెవరికి వెళ్లిందో ఆ జాబితా ముందేసుకుని ఒక్కొక్కరికీ 1.1 పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోవాలి. అప్పుడు నాలుగు నెలల తర్వాత పద్నాలుగో పేజీ గురించి ఫోన్ వచ్చినా, రిజిస్టర్‌లో రెండు వరసలు చదివి జవాబు చెప్పొచ్చు.